బాక్స్ బయట ఫ్రీకిక్: వాల్ ఎవరు నిలబెట్టాలి, ఎంతమంది ఉండాలి?

మలక్‌పేట కీపర్: ఆదివారం మ్యాచ్‌లో మళ్లీ అదే గోల్. బంతి గోల్‌కి 20 మీటర్ల దూరంలో, నాకు కుడి వైపు. కొట్టేవాడు ఎడమకాలు. నలుగురిని వాల్ పెట్టి, చివరివాణ్ణి సరిగ్గా పోస్ట్‌కి లైన్‌లో నిలబెట్టాను. వాడు ఆ చివరివాడి బయట నుంచి తిప్పి పోస్ట్ లోపలికి పెట్టాడు. మావాళ్లు నన్నే తిడుతున్నారు. వాల్‌లో ఐదుగురు కావాలా? మిగతావాళ్లు ఎవరిని మార్క్ చెయ్యాలి? నేనేమని అరవాలి?

టర్ఫ్ రాజా: మా కొండాపూర్ టర్ఫ్‌లో ఇద్దరు చాలు అన్నా, అంతకంటే పెడితే పక్కన ఖాళీ అయిపోతుంది. అసలు నైట్ స్లాట్ లైట్లకి కీపర్‌కి బంతే కనబడదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బొల్లారం స్టాపర్: రాజా, ఆయన అడిగేది పదకొండు మంది ఆట.
కీపర్ భాయ్, ఐదోవాడు అక్కర్లేదు. ఎడమకాలు వాడు నీ కుడి వైపు నుంచి కొడితే బంతి బయట మొదలై లోపలికి తిరుగుతుంది. అందుకే పోస్ట్ లైన్‌లో ఉండాల్సింది చివరి నుంచి రెండోవాడు, చివరివాడు ఆ లైన్‌కి ఒక మనిషి వెడల్పు బయట ఉండాలి. అందరికంటే పొడుగువాణ్ణి ఆ లైన్ మీదే పెట్టు. కుడికాలు వాడైతే బంతి వాల్ మీదుగా లేచి పోస్ట్ వైపు జరుగుతుంది, అప్పుడు బయటివాడి కంటే వాల్‌లో వాళ్ల ఎత్తు, ఎగరడం ముఖ్యం.

తార్నాక 4: ఇవన్నీ పాత కబుర్లు. బ్రోజోవిచ్ 2018లో బార్సిలోనా మీద చేసినట్టు వాల్ వెనక ఒకణ్ణి పడుకోబెట్టండి. మెస్సీ కూడా పడుకున్నాడు. నేను స్టేట్ క్యాంపులో ఆడినవాణ్ణి, ఊరికే చెప్పట్లేదు.

బొల్లారం స్టాపర్: క్యాంపులో లెక్కలు చెప్పలేదా? కీపర్, వాల్‌లో నలుగురు, పడుకున్నవాడు, బంతి మీదికి ఉరికేవాడు. ఏడుగురు అయిపోయారు. రీబౌండ్‌కి నలుగురే మిగిలారు. మన లీగ్‌లో వాల్ కింద నుంచి కొట్టేవాణ్ణి ఎంతమందిని చూశావు?

తార్నాక 4: మీ బొల్లారంలో ఎవరూ ఉండరు లెండి.

సంతోష్‌నగర్ లెఫ్ట్: అసలు తప్పు కీపర్ పోస్ట్ దగ్గరికి వెళ్లి వాల్ సర్దడం. 2023 మార్చి 3న ఏమైందో మర్చిపోయారా? బెంగళూరులో ప్లేఆఫ్, ఎక్స్‌ట్రా టైమ్, కేరళవాళ్లు ఇంకా వాల్ సర్దుకుంటున్నారు, ఛెత్రి టక్కున కొట్టేశాడు. కేరళ టీమ్ గ్రౌండ్ వదిలి వెళ్లిపోయింది, తర్వాత 4 కోట్ల జరిమానా.

మలక్‌పేట కీపర్: అది రిఫరీ తప్పు. విజిల్ ఊదకుండా ఎలా కొడతారు?

బొల్లారం స్టాపర్: విజిల్ కోసం ఆగమని రిఫరీ చెబితేనే ఆగాలి. చెప్పకపోతే త్వరగా కొట్టుకోవచ్చు. నువ్వే రిఫరీని గట్టిగా అడుగు: ‘సర్, దూరం, విజిల్ మీద’ అని. ఆయన చెయ్యి చూపించేదాకా గోల్ మధ్య వదిలి కదలకు.

సంతోష్‌నగర్ లెఫ్ట్: ఆ రోజు రిఫరీ ఆగమన్నాడని కేరళవాళ్ల వాదన. మీరు గ్రౌండ్‌లో ఉన్నారా?

బొల్లారం స్టాపర్: నేను రూల్ చెప్పాను, ఆ మ్యాచ్ తీర్పు చెప్పలేదు. దానికి వేరే థ్రెడ్ పెట్టు.
వాల్ సర్దే పని ఫార్వర్డ్‌కి ఇవ్వు. వాడు బంతి వెనక పది గజాల అవతల నిలబడితే బంతి, వాల్, పోస్ట్ మూడూ ఒకే గీతలో కనిపిస్తాయి. వాల్‌లో చివరివాడు ఒక్కడే వాణ్ణి చూడాలి. మాటలొద్దు, చెయ్యి ఊపాలి, ఎందుకంటే వాడి కుడి వాల్‌కి ఎడమ.

అంబర్‌పేట అన్న: మా గ్రౌండ్‌లో కుడి, ఎడమ, దాయే, బాయే అన్నీ కలిసి ఒకడు ఇటు, ఒకడు అటు జరిగేవాళ్లు. ఇప్పుడు ‘రోడ్డు వైపు’, ‘ట్యాంకు వైపు’ అని అరుస్తాం. హాఫ్‌టైమ్ తర్వాత కూడా రోడ్డు రోడ్డే కదా.

తార్నాక 4: 😂 అవతలి గ్రౌండ్‌కి వెళ్తే ట్యాంకు మోసుకెళ్తారా?

మలక్‌పేట కీపర్: ఎవరూ మార్కింగ్ గురించి చెప్పలేదు.

బొల్లారం స్టాపర్: మిగిలినవాళ్లని వాల్‌తో ఒకే లైన్‌లో ఉంచు, కాలు బంతికి తగిలేదాకా వెనక్కి రావద్దు. ముందే వెనక్కి వస్తే అవతలివాళ్లు ఆఫ్‌సైడ్ కాకుండా నీ ముందుకొచ్చి బంతి కనబడకుండా చేస్తారు. 2019 నుంచి వాల్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువ ఉంటే అవతలివాళ్లు వాల్‌కి ఒక మీటర్ దూరం ఉండాలి, అంటే వాళ్లు వాల్ పక్కనుంచి వెనక్కి తిరిగే దారి చూసుకుంటారు. అక్కడే ఒకణ్ణి పెట్టు.

తార్నాక 4: లైన్ పట్టుకోవడం ఆదివారం టీమ్‌తో అవుతుందా? మనిషికి మనిషి మార్కింగే నయం. లేకపోతే ఎవడూ బాధ్యత తీసుకోడు.

మలక్‌పేట కీపర్: ఇది మా కెప్టెన్ మాటే. అయినా వచ్చే ఆదివారం లైన్ పెట్టి చూస్తాను. బంతి వెనక నిలబడడానికి ఫార్వర్డ్ ఒప్పుకుంటే. వాడు ఫ్రీకిక్ ఇవ్వగానే రిఫరీతో గొడవకి వెళ్లిపోతాడు.

టర్ఫ్ రాజా: శుక్రవారం రాత్రి పదింటి స్లాట్‌కి కీపర్ తగ్గాడు, ఎవరైనా వస్తారా?