అప్‌డేట్: ఇద్దరికీ తలసేమియా ట్రెయిట్

అప్పుడు నేను అడిగింది: "నిశ్చితార్థానికి ముందు చేసిన పరీక్షల్లో మా ఇద్దరికీ బీటా తలసేమియా ట్రెయిట్ అని వచ్చింది. పెళ్లి మానుకోవాలా?"

మానుకోలేదు. ట్రెయిట్ అంటే ఈ రక్తజబ్బు తెచ్చే జన్యులోపం ఒక్కటే ఉండటం, మనకు జబ్బు ఉండదు. పోయిన వారం జెనెటిక్ కౌన్సిలర్‌ని కలిశాం. రక్తంలో హెచ్‌బీఏ2 అనే రకం హిమోగ్లోబిన్ నాకు 5.1 శాతం, నాకు కాబోయే భార్యకు 5.4. మామూలుగా 3.5 లోపే ఉండాలట. తను రక్తం తక్కువని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగింది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూస్తే ఐరన్ సరిపడా ఉంది! ఎర్రకణాలు చిన్నగా ఉండటానికి కారణం ట్రెయిటేనని ఎవరూ చెప్పలేదు.

నేను తప్పుగా అనుకున్నది ఇంకొకటి. నలుగురు పిల్లలు పుడితే ఒక్కరికే జబ్బు అనుకున్నా. అలా కాదు, ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది: ఇద్దరి నుంచీ లోపం అంది తీవ్రమైన జబ్బు, అంటే మేజర్ వచ్చే అవకాశం ప్రతిసారీ 25 శాతమే. మొదటి బిడ్డ బాగుంటే రెండోసారి భయం లేదనుకోవడానికి లేదు.

ఇప్పుడు మా ఇద్దరి రక్తం డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లింది. ఎవరిలో ఏ మ్యుటేషన్ ఉందో ముందే తెలిస్తేనే, గర్భం 11 వారాలు దాటాక మావి నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు రెండూ వచ్చాయో లేదో చూడగలరు. గర్భం వచ్చాక మొదలుపెడితే టైమ్ చాలకపోవచ్చు. ఆ పరీక్షలో గర్భస్రావం ముప్పు కొద్దిగా ఉంటుందనీ చెప్పారు.

మా అమ్మ ఇంకా "ఎవరి వైపు నుంచి వచ్చిందో" అంటోంది. రెండు వైపుల నుంచీ, అమ్మా! తమ్ముడికీ పరీక్ష చేయించాం, రిపోర్టు రావాలి. నిశ్చితార్థం వచ్చే నెలలో.