పళ్ళు జివ్వుమంటే వాడే పేస్టు ఎన్నాళ్ళకు పనిచేస్తుంది?

ఫ్రిజ్ నీళ్ళు తగిలితే చాలు, ఎడమవైపు కింది పళ్ళు జివ్వుమంటున్నాయి. గట్టిగా తోమీ తోమీ చిగురు కిందికి జారిందని, అందుకే పంటి మెడ బయటపడిందని డాక్టరు చెప్పారు. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రాశారు. రోజుకు రెండుసార్లు వాడుతున్నాను, నేటికి 12 రోజులు. నిన్న మామిడిపండు ముక్క కొరికితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి!

నాకు అర్థమైనంతవరకు ఈ మందు పంటిలోని సన్నని గొట్టాలను మూసేయదు. పొటాషియం వాటిగుండా లోపలికి చేరి, నరం చుట్టూ పేరుకుని, అది నొప్పి సంకేతం పంపకుండా మందగింపజేస్తుంది. అలా పేరుకోవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట.

తోమాక నేను నాలుగైదుసార్లు పుక్కిలిస్తాను. దానివల్ల మందంతా కొట్టుకుపోతోందా? నురుగు ఉమ్మేసి ఊరుకోవాలా? ఇంకో అనుమానం: మిగతా పళ్ళలో జివ్వుమనడం క్షణంలో పోతుంది, ఒక్క దవడ పన్ను మాత్రం అర నిమిషం సలుపుతుంది. దానికీ నాలుగు వారాలు ఆగవచ్చా, లేక లోపల పుచ్చిందేమోనని ఇప్పుడే చూపించుకోవాలా? వాడినవారు, దంతవైద్యులు చెప్పగలరు.