టీచర్స్ డేకి డిస్కౌంట్ పెట్టాలా, వద్దా?

విజయనగరం డీలర్: ఒక నోటుబుక్కులు, పెన్నుల కంపెనీకి మేం జిల్లా డీలర్లం. సెప్టెంబరు 5కి "టీచర్లకు 20 శాతం తగ్గింపు" అని ఫ్లెక్సీలు కట్టమంటున్నారు. మాస్టార్లని గౌరవించినట్టు ఉండాలి గానీ సరుకు అమ్ముకోవడానికి వాళ్లని వాడుకున్నట్టు ఉండకూడదు. ఏం చేస్తే బాగుంటుంది?

కోట జంక్షన్ షాపు: తగ్గింపు లేకపోతే సెప్టెంబరులో షాపుకి ఎవరొస్తారండి? మా సీజనంతా జూన్‌లో బడులు తెరిచినప్పుడే. చాలామంది మాస్టార్లు ఎర్ర పెన్నులు, చార్టులు సొంత డబ్బుతోనే కొంటారు. పది రూపాయలు మిగిలితే వాళ్లకీ సంతోషమే కదా.

విశాఖ యాడ్ రైటర్: సీజన్ మాట నిజం. నేను తగ్గింపు వద్దనేది కూడా అందుకే. జూన్‌లో కొన్న పుస్తకాలు ఇంకా అయిపోలేదు కాబట్టి కొత్తగా కొనేవాళ్లు తక్కువ. ఎలాగూ కొనే ఎర్ర పెన్నే తక్కువకి పోతుంది. పైగా కౌంటర్ దగ్గర టీచరో కాదో తేల్చాలి. చిన్న ప్రైవేటు బడిలో చేసే టీచరమ్మ దగ్గర గుర్తింపు కార్డు లేకపోతే ఆవిడని కాదని పంపేస్తారా? గౌరవించే రోజున అంతకంటే అవమానం ఉండదు.

నా సలహా ఇది. షాపు కౌంటర్ మీద పోస్టుకార్డులు, దారంతో కట్టిన మీ కంపెనీ పెన్ను పెట్టండి. కార్డు 50 పైసలు. చదువు చెప్పిన మాస్టారికి వచ్చినవాళ్లు రాస్తారు, పోస్టు మీరు చేస్తారు. కార్డు మీద కంపెనీ పేరుగానీ ఇంకేదిగానీ అచ్చు వేయొద్దు. అచ్చు వేసిన కార్డుకి పోస్టాఫీసు రేటు వేరు, పైగా ఉత్తరం కాస్తా కరపత్రం అయిపోతుంది. చేతిలో పెన్ను మీదే కదా, అది చాలు.

ఒక్కటి జాగ్రత్త. ఖాళీ కార్డు ఇస్తే నూటికి తొంభై మంది "హ్యాపీ టీచర్స్ డే సార్" అని రాసి వెళ్లిపోతారు. కౌంటర్ మీద ఒక ప్రశ్న రాసి పెట్టండి: "మాస్టారు అన్న ఏ మాట మీకు ఇప్పటికీ గుర్తుంది?" ముందు ఒకే షాపులో ఒక పూట పెట్టి చూడండి. కార్డులన్నీ ఒకేలా వస్తుంటే ప్రశ్న మార్చాలి.

పలాస అమ్మ: మా పాప ఆరో తరగతి. స్పీచ్‌కి రాధాకృష్ణన్ గారి గురించి నాలుగు లైన్లు ఎవరైనా ఇస్తారా?

శ్రీకాకుళం తెలుగు టీచర్: అమ్మా, ఆయన 1888 సెప్టెంబరు 5న పుట్టారు, 1962 నుంచి ఆ రోజు టీచర్స్ డే. 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. పాప ఈ ముక్క చెబితే ఇక్కడివాళ్లకి దగ్గరగా ఉంటుంది.

డీలర్ గారూ, కార్డులు ఆగస్టు 29నే మొదలుపెట్టండి. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మన శ్రీముఖలింగం దగ్గర పుట్టి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మాస్టారు ఆయన. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. ఆయన ఫొటో పక్కన కంపెనీ లోగో మాత్రం పెట్టొద్దు, నాకు అది మింగుడు పడదు.

రణస్థలం రిటైర్డ్ మాస్టారు: ఉత్తరాలు బాగానే ఉన్నాయి గానీ నాయనా, బడికే వెళ్లి టీచర్లకి శాలువా కప్పి పెన్ను సెట్లు ఇస్తే పోలేదా?

విశాఖ యాడ్ రైటర్: మాస్టారూ, సర్కారు టీచర్లు కానుకలు తీసుకోవడానికి ప్రవర్తనా నియమాల పరిమితులున్నాయి. కంపెనీ మనిషి సెట్లు పంచి ఫొటోలు తీస్తే రేపు సంజాయిషీ చెప్పుకోవాల్సింది టీచరే. బడిలో ఏం చేయాలన్నా ముందు హెచ్ఎం గారిని, ఎంఈఓ గారిని అడగాలి. పాత విద్యార్థి సొంతంగా రాసే కార్డుకి ఆ తంటా లేదు.

రణస్థలం రిటైర్డ్ మాస్టారు: అయితే అడ్రసుల సంగతి చూసుకో. నేను రిటైరయ్యాక ఊరు మారాను. బడి పేరుతో వేస్తే అక్కడ బల్ల మీదే పడుంటుంది. రాసేవాళ్ల ఫోన్ నంబరు ఒక పుస్తకంలో రాయించు, కార్డు తిరిగొస్తే కబురు చేయొచ్చు. సెప్టెంబరు 1 తర్వాత పోస్టు చేస్తే 5కి అందుతుందని నమ్మకం పెట్టుకోకు.

కోట జంక్షన్ షాపు: సరే, నా కౌంటర్ మీద పెట్టండి. కానీ మంచి ఉత్తరాలు ఫేస్‌బుక్‌లో పెడితేనే కదా జనానికి తెలిసేది?

శ్రీకాకుళం తెలుగు టీచర్: రాసినవాళ్లూ అందుకున్నవాళ్లూ ఇద్దరూ ఒప్పుకోవాలి. నాకొచ్చిన ఉత్తరం కంపెనీ పేజీలో ముందు కనబడితే నేను బాధపడతాను.

విశాఖ యాడ్ రైటర్: రాసినవాళ్లు సరేనంటే చాలని నా అభిప్రాయం. పేర్లు తీసేసి పెట్టొచ్చు.

విజయనగరం డీలర్: కార్డులు పెడతాను, ఫ్లెక్సీ కట్టను. ఉత్తరాలు బయట పెట్టే విషయంలో టీచర్ గారి మాటే నాకు నచ్చింది. ఇంక మిగిలింది కంపెనీ టెన్షన్: అమ్మకం లెక్క లేకుండా ఈ ఖర్చు ఎందుకు అని అడుగుతారు. ఎన్ని కార్డులు పెట్టాం, ఎన్ని నిండాయి అన్న లెక్క చూపిస్తే ఒప్పుకుంటారా? ఇలాంటివి చేసినవాళ్లుంటే చెప్పండి.