7,450 బిల్లులో అసలు ధర ఎంత, జీఎస్టీ ఎంత?

రాయగడ గిన్నెల షాపు:
నమస్కారం అండి. రాయగడలో మా మావయ్యకి స్టీలు సామాన్లు, మిక్సీలు, ఫ్యాన్ల షాపు ఉంది. సాయంత్రాలు నేనే బిల్లులు రాస్తాను. మా దగ్గర అన్నీ పన్నుతో కలిపిన ధరలే. మావయ్య నోటితో చెప్పిన రేటే ఫైనల్, పైన ఇంకేమీ వేయం. మొన్న ఒక హాస్టల్ వాళ్లు మిక్సీ 4,250, సీలింగ్ ఫ్యాన్ 2,150, స్టీలు బిందె 1,050 తీసుకున్నారు. మొత్తం 7,450 అయ్యింది. ఇప్పుడు వాళ్ల ఆఫీసులో "అసలు ధర వేరుగా, జీఎస్టీ వేరుగా చూపిస్తేనే బిల్లు పాస్ చేస్తాం" అంటున్నారట. 7,450లో 18 శాతం 1,341 కదా. అది తీసేసి అసలు ధర 6,109 అని రాసి ఇస్తే సరిపోతుందా? మావయ్య రాసెయ్యమంటున్నాడు, నాకెందుకో అనుమానంగా ఉంది.

పర్లాకిమిడి తాతయ్య:
సరిపోతుంది బాబూ. వందకి 18, అంతేగా. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు సేల్స్ ట్యాక్స్ అలాగే తీసేవాళ్లం.

బరంపురం అకౌంట్స్ అక్క:
లేదు తమ్ముడూ, అలా రాయకు. తాతయ్య గారు చెప్పింది పన్ను పైన వేసేటప్పుడు. ఇక్కడ పన్ను ఇప్పటికే లోపల ఉంది.

100 రూపాయల సరుకు మీద 18 వేస్తే 118 అవుతుంది. అంటే నీ చేతికొచ్చిన ప్రతి 118లో పన్ను 18. నువ్వు మొత్తం మీద 18 శాతం తీస్తే, పన్ను మీద కూడా పన్ను తీసినట్టు అవుతుంది. తప్పో ఒప్పో నువ్వే చూసుకోవచ్చు. నీ 6,109 మీద మళ్లీ 18 శాతం వేసి చూడు. 7,208 చిల్లర వస్తుంది కానీ 7,450 రాదు. వెనక్కి వేస్తే మొదటి మొత్తం రాలేదంటే విడదీయడం తప్పినట్టే.

సరైన దారి, మొత్తాన్ని 100తో గుణించి 118తో భాగించడం. అదే అసలు ధర. మొత్తంలోంచి దాన్ని తీసేస్తే పన్ను. ఇది నా సొంత లెక్క కాదు, 2017 సీజీఎస్టీ రూల్స్‌లో 35వ రూలు చెప్పేది ఇదే. పన్ను ఎంతో తెలియాలంటే పన్ను కలిపిన విలువని రేటుతో గుణించి, 100కి రేటు కలిపిన అంకెతో భాగించమంటుంది.

కానీ ఆగు, నీ బిల్లులో ఇంకో చిక్కుంది. ఆ బిందె మీద కూడా 18 శాతమే వేస్తున్నారా మీరు?

కొరాపుట్ బావ:
అక్క చెప్పింది కరెక్టు. నేనైతే గుణకారం, భాగాహారం అంతా ఎందుకని కాల్‌క్యులేటర్‌లో 1.18తో భాగించేస్తాను. 7,450ని భాగిస్తే 6,313.56. పన్ను 1,136.44. అయిపోయింది. ఇందులో సగం సీజీఎస్టీ, సగం ఎస్జీఎస్టీ. అవి విడిగా కావాలంటే ముందు 1.09తో భాగించి సీజీఎస్టీ తీసెయ్, వచ్చినదాన్ని మళ్లీ 1.09తో భాగించి ఎస్జీఎస్టీ తీసెయ్. సింపుల్.

బరంపురం అకౌంట్స్ అక్క:
బావగారూ, 1.18తో భాగించడం మంచి పనే, నేను చెప్పిన లెక్కకి అది షార్ట్‌కట్. 1.09తో రెండుసార్లు భాగించడం మాత్రం ఎవరూ చేయొద్దు. రెండు సగాలూ ఒకే అసలు ధర మీద పడతాయి, ఒకదాని మీద ఒకటి కాదు. రెండుసార్లు 1.09 అంటే 1.1881తో భాగించినట్టు, అసలు ధర తగ్గిపోతుంది. 35వ రూలు కూడా రేట్లన్నీ ముందు కలిపి, ఒక్కసారే భాగించమంటుంది.

ఇంకోటి, ఆ 6,313.56 కూడా తప్పే. బిందెది 18 కాదు.

రాయగడ గిన్నెల షాపు:
అక్కా, బిందెలకి మావయ్య 12 అంటాడు. మిక్సీకి, ఫ్యాన్‌కి 18. నేను సులువుగా ఉంటుందని అన్నిటికీ 18 అనుకున్నాను.

బరంపురం అకౌంట్స్ అక్క:
మావయ్యకి పాత రేటు గుర్తుండిపోయింది. వంటింటి స్టీలు సామాన్లు 12లో ఉండేవి, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతానికి వచ్చాయి. మిక్సీ, ఫ్యాన్ మాత్రం 18లోనే ఉన్నాయి. అందుకని మొత్తం బిల్లుని ఒకే అంకెతో భాగించడానికి వీల్లేదు. ముందు ఒకే రేటున్న వస్తువుల్ని ఒక చోట చేర్చాలి.

18 శాతం వాటా: మిక్సీ, ఫ్యాన్ కలిపి 6,400. దీన్ని 1.18తో భాగిస్తే అసలు ధర 5,423.73. పన్ను 976.27.
5 శాతం వాటా: బిందె 1,050. 1.05తో భాగిస్తే సరిగ్గా 1,000. పన్ను 50.

మొత్తం అసలు ధర 6,423.73. పన్ను 1,026.27. రెండూ కలిపితే 7,450, పైసాతో సహా సరిపోయింది. నువ్వు ముందు రాద్దామనుకున్న 1,341కీ దీనికీ తేడా 300 దాటింది. బిల్లులో 1,341 పన్ను వసూలు చేశానని రాస్తే, ఆ మొత్తం కట్టమని డిపార్ట్‌మెంట్ అడుగుతుంది. అంటే మావయ్య జేబులోంచి పోతుంది.

నువ్వు చాలా బిల్లులు చేయాలంటే షీట్‌లో పెట్టుకో. B2లో పన్నుతో కలిపిన ధర, C2లో రేటు (18 లేదా 5, శాతం గుర్తు లేకుండా):

```
=ROUND(B2*100/(100+C2),2)
```

C2లో 18 బదులు 18% అని కొట్టావనుకో, షీటు దాన్ని 0.18గా తీసుకుంటుంది. అప్పుడు అసలు ధర దాదాపు మొత్తం ధరంత వచ్చేస్తుంది. నాలుగు వేల మిక్సీకి పన్ను ఏడెనిమిది రూపాయలు కనబడితే అదే కారణం.

గుణుపురం కిరాణా:
నాకూ ఇదే గోల. నాది కాంపోజిషన్. 1 శాతం కదా, మరి నేను 1.01తో భాగించాలా? మొన్న ఒక టీచరమ్మ బిల్లు అడిగితే 500లో 4.95 జీఎస్టీ అని రాసి ఇచ్చాను. ఆవిడ నవ్వుకుంటూ పోయింది.

బరంపురం అకౌంట్స్ అక్క:
అన్నయ్యా, మీరు అసలు విడదీయకూడదు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు కొనేవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కాబట్టి బిల్లులో పన్ను అనే లైనే ఉండకూడదు. మీ 1 శాతం మీ అమ్మకాల మీద మీరు సొంతంగా కట్టుకునేది, మూడు నెలలకోసారి CMP-08లో. మీరిచ్చేది బిల్ ఆఫ్ సప్లై. దాని పైన మీరు కాంపోజిషన్ డీలరని, పన్ను వసూలు చేసే అర్హత లేదని రాసి ఉండాలి. స్టాంపు చేయించి పెట్టుకోండి, రోజూ రాయక్కర్లేదు. ఇకమీదట టీచరమ్మకి 500 అని మాత్రమే రాసి ఇవ్వండి.

గుణుపురం కిరాణా:
అయితే హాస్టల్ వాళ్లు నా దగ్గర కొంటే వాళ్లకి జీఎస్టీ విడిగా చూపించలేనన్నమాట. అందుకేనా మా దగ్గరకి రారు!

కొరాపుట్ బావ:
రాయగడ తమ్ముడూ, నీ సరుకు విజయనగరం హోల్‌సేల్ నుంచి వస్తుందనుకుంటా. ఆ బిల్లులో ఐజీఎస్టీ ఉంటుంది కదా, మరి నువ్వు హాస్టల్‌కి సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని ఎలా రాస్తావు? ఐజీఎస్టీ అనే రాయాలి కదా.

బరంపురం అకౌంట్స్ అక్క:
కొన్న బిల్లు వేరు, అమ్మిన బిల్లు వేరు బావగారూ. ఆంధ్రా జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, ఒడిశా నంబరు 21తో. 37 వాళ్లు 21 వాళ్లకి అమ్మితే ఐజీఎస్టీ. రాయగడ షాపు రాయగడ హాస్టల్‌కి అమ్మితే రెండు సగాలు. సరుకు మొదట ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ చూడక్కర్లేదు. పైగా అసలు ధర విడదీసే లెక్క ఏ పేరుతోనైనా ఒకటే, 18 అంటే 18.

రాయగడ గిన్నెల షాపు:
అక్కా, రెండు సగాలు రాద్దామంటే 976.27 సగం చేస్తే 488.135 వస్తోంది. ఒకదాంట్లో 488.14, ఇంకోదాంట్లో 488.13 రాయనా?

బరంపురం అకౌంట్స్ అక్క:
రెండూ సమానంగానే ఉండాలి. 5,423.73 మీద 9 శాతం వేస్తే 488.14 వస్తుంది, రెండు చోట్లా అదే రాయి. అప్పుడు కలిపితే 6,400.01 అవుతుంది. ఆ ఒక్క పైసాని కింద రౌండ్ ఆఫ్ అని ఒక లైను వేసి తీసెయ్. బిందెది 25, 25 కాబట్టి అక్కడ గొడవ లేదు. బిల్లు చివర మళ్లీ 7,450 రావాలి, హాస్టల్ వాళ్లు ఇచ్చింది అదే కాబట్టి.

పర్లాకిమిడి తాతయ్య:
నేను వెనక్కి వేసి చూశాను అమ్మా, నువ్వు చెప్పింది సరిపోయింది. మరి మా రోజుల్లో బిల్లు మీద "ట్యాక్స్ ఎక్స్‌ట్రా" అని ఉండేది, అందుకే అలా తీసేవాళ్లం కాబోలు.

రాయగడ గిన్నెల షాపు:
ఒక్కటి చెప్పడం మర్చిపోయాను. మావయ్య చివర్లో యాభై తగ్గించి 7,400 తీసుకున్నాడట. ఇప్పుడే చెప్పాడు!

కొరాపుట్ బావ:
ఆ యాభై ఫ్యాన్‌లో తగ్గించెయ్. ఎక్కడ తగ్గిస్తే ఏమిటి, డబ్బు మనదేగా.

బరంపురం అకౌంట్స్ అక్క:
ఏమిటంటే పన్ను మారుతుంది. యాభై మొత్తం ఫ్యాన్‌లో తగ్గిస్తే పన్ను 1,018.64, బిందెలో తగ్గిస్తే 1,023.89. ఐదు రూపాయలే తేడా అనుకోండి, కానీ నెలంతా ఎక్కువ రేటున్న సరుకులోనే తగ్గింపు చూపిస్తే ఆడిట్‌లో అడుగుతారు. తగ్గింపు బిల్లులోనే కనబడితే దాన్ని విలువలోంచి తీసెయ్యొచ్చు, అందులో అనుమానం లేదు. మేం ఆఫీసులో మాత్రం వస్తువుల ధరల్ని బట్టి పంచుతాం. నీ బిల్లులో 42.95 రూపాయలు 18 వాటాకి, 7.05 బిందెకి వెళ్తాయి. ముందు తగ్గించి, ఆ తర్వాత 1.18తో, 1.05తో భాగించాలి.

కొరాపుట్ బావ:
మా ఆడిటర్ అలా పంచడు. ఏ వస్తువు దగ్గర బేరం ఆడారో అక్కడే తగ్గించమంటాడు.

బరంపురం అకౌంట్స్ అక్క:
నిజంగా ఒక వస్తువు మీదే బేరం జరిగితే అదీ సబబే. తమ్ముడూ, మావయ్యని అడుగు, యాభై దేని మీద తగ్గించాడో.

రాయగడ గిన్నెల షాపు:
అడిగాను. "మొత్తం మీద పోనీలే అని తగ్గించా" అంటున్నాడు. అయితే పంచుతాను. రేపు హాస్టల్ గుమస్తాకి కొత్త బిల్లు ఇస్తున్నా, పాతది వెనక్కి తీసుకోమంటారా?

బరంపురం అకౌంట్స్ అక్క:
తీసుకో. పాతది చింపెయ్యకుండా క్యాన్సిల్ అని రాసి బుక్కులోనే పిన్ను కొట్టు. నంబరు మధ్యలో ఎగిరిపోతే మళ్లీ అదో టెన్షన్.