అప్‌డేట్: కిందికి ఏటవాలుగా తోసిన ట్రంకుపెట్టె లెక్క

నా ప్రశ్న: "20 కిలోల పెట్టెను 100 న్యూటన్ల బలంతో, నేలకు 37 డిగ్రీల కోణంలో కిందికి ఒత్తుతూ 2 మీటర్లు తోసి వదిలేశాం. గతిక ఘర్షణ గుణకం 0.25, g = 10. వదిలాక ఎంత దూరంలో ఆగుతుంది? కీలో 0.6 మీటర్లు ఉంది, మా హన్మకొండ హాస్టల్లో అందరికీ 1.2 వస్తోంది."

కీ కరెక్టే. జవాబిచ్చిన అన్న చెప్పినట్టు ఘర్షణను రెండు దశల్లో విడిగా చూడాలి. తోస్తున్నప్పుడు మన బలంలో 80 న్యూటన్లు ముందుకు, 60 న్యూటన్లు కిందికి పనిచేస్తాయి. ఆ 60 బరువుకు తోడై అభిలంబ బలం 260 అవుతుంది, ఘర్షణ 65. మిగిలిన 15 న్యూటన్లు 2 మీటర్లలో చేసే పని 30 జౌల్స్. వదిలే క్షణంలో పెట్టెకున్న గతిజ శక్తి అంతే. చెయ్యి తీయగానే ఘర్షణ 50కి పడిపోతుంది.

```
(80 − 65) × 2 − 50 × s = 0
s = 0.6 m
```

మొదటి దశలోనూ 50 వేస్తే 60 జౌల్స్ వచ్చి దూరం రెట్టింపవుతుంది. ఆ 1.2 అక్కడిదే. వేగం, త్వరణం కనుక్కునే పనే లేదు.

ఇంకోటి, స్థైతిక ఘర్షణ గుణకం 80/260, అంటే సుమారు 0.31 దాటితే నిలకడగా ఉన్న పెట్టె ఈ తోపుకు అసలు కదలదు. మా హాస్టల్ గచ్చు మీద నిండు ట్రంకు మొండికేసేది బహుశా ఇందుకే. తాడు కట్టి పైకి లాగితే 60 తగ్గుతుంది, ఆ లెక్క రేపు చేస్తా.