చేయించి, మార్చి, పరీక్షిస్తాం: ఇందులో అయిన పని ఏది, కావలసిన పని ఏది?

మియాపూర్ నివాసి:
సభ్యులందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున నీటి పనుల గురించి నివాసుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ ఇస్తున్నాను. దీన్ని తిరగరాసే బాధ్యత నాకు అప్పగించారు.

“సంపు శుభ్రం చేయించి, మూడు బ్లాకుల పాత వాల్వులు మార్చి, పైట్యాంకు లోపల వాటర్‌ప్రూఫింగ్ వేయించి, వచ్చే ఆదివారం నీళ్లు నింపి పరీక్షిస్తాం. కొత్త మోటారు బిగించడం జరుగుతుంది. వారానికి ఒకసారి నీటిలో క్లోరిన్ చూస్తాం.”

ఇది పెట్టేనాటికి సంపు శుభ్రం చేయించడం, వాల్వులు మార్చడం పూర్తయ్యాయి. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతల్లో ఒకటి మాత్రమే పడింది. మోటారు ఇంకా రాలేదు. క్లోరిన్ పరీక్ష కూడా మొదలు కాలేదు. చదివినవారిలో కొందరు సంపు ఇంకా కడగలేదనుకుని, జరగని పనికి బిల్లు ఎలా చెల్లించారని అడిగారు. ఇంకొందరు క్లోరిన్ పరీక్ష ఎప్పటినుంచో జరుగుతోందని నమ్మారు. వాక్యంలో నాకు వ్యాకరణ దోషం కనబడడం లేదు. అయినా ఇంత గందరగోళం ఎందుకు వచ్చిందో, ఎలా దిద్దాలో చెప్పగలరా?

తెలుగు ఎం.ఏ. విద్యార్థి:
దోషం లేదు, అర్థమూ స్పష్టంగానే ఉంది. ‘చేయించి’, ‘మార్చి’, ‘వేయించి’ అనేవి క్త్వార్థకాలు. క్త్వార్థకం పూర్వకాల క్రియను చెబుతుంది కనుక ఆ మూడు పనులూ అయిపోయినట్టే లెక్క. వాటర్‌ప్రూఫింగ్ పూర్తి కాకుండానే ‘వేయించి’ అని రాయడం ఒక్కటే ఇందులో తప్పు.

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
క్త్వార్థకం పూర్వకాలాన్ని చెబుతుందన్న మాట నిజమే, కానీ ఆ పూర్వం దేనికి పూర్వమో చూడాలి. అది వాక్యం చివర ఉన్న సమాపక క్రియకు పూర్వం. మనం రాస్తున్న క్షణానికి పూర్వం కానక్కర లేదు. ‘రేపు స్నానం చేసి, గుడికి వెళ్లి, భోజనానికి వస్తాను’ అన్నవాడు ఇంకా స్నానం చేయలేదు, గుడికీ వెళ్లలేదు. ఇక్కడ పరీక్షించి చూడడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. ఆ సమాచారంలో ‘వచ్చే ఆదివారం’ తీసి ‘నిన్న’ అని, ‘పరీక్షిస్తాం’ తీసి ‘పరీక్షించాం’ అని పెట్టి చదవండి. ముందున్న మూడు క్రియల్లో ఒక్క అక్షరం మారకపోయినా, మూడు పనులూ వాటంతటవే గతంలోకి వెళ్లిపోతాయి. అంటే వాటికి సొంతంగా కాలం లేదు, చివరి క్రియ ఏ కాలం ఇస్తే అదే పుచ్చుకుంటాయి. అయిపోయిన పనినీ కావలసిన పనినీ ఒకే వాక్యంలో ‘-ఇ’ ప్రత్యయంతో కలిపి భవిష్యత్తులో ముగిస్తే, అయిపోయిన పని కూడా కావలసిన పనిగానే పాఠకుడికి చేరుతుంది. బిల్లు గురించి అడిగినవారు వాక్యాన్ని సరిగానే చదివారు.

కనుక సంపు పనికీ వాల్వుల పనికీ విడివిడిగా సమాపక క్రియలు ఇవ్వండి: ‘సంపు శుభ్రం చేయించాం. పాత వాల్వులు మార్చాం.’ కాలం మారే చోట వాక్యం తెగాలి. ఒకే కాలానికి చెందిన పనులను మాత్రం ‘-ఇ’తో కలపడంలో ఏ ఇబ్బందీ లేదు. ‘నీళ్లు నింపి, ఒక రోజంతా ఉంచి, మట్టం తగ్గిందో లేదో చూస్తాం’ అన్నప్పుడు మూడూ రాబోయే పనులే కాబట్టి ఆ వాక్యం హాయిగా నడుస్తుంది.

అల్వాల్ సభ్యుడు:
ఈ గుంపులో ఎన్నిసార్లు చెప్పినా ఈ పొరపాటు పోవడం లేదు. ‘చేయించాం’ సరే, మరి ‘చేశాం’ అనాలా, ‘చేసాం’ అనాలా? పత్రికలు కూడా రెండూ వాడుతున్నాయి. ముందు ఇది తేల్చకుండా కాలాల గురించి మాట్లాడడం అనవసరం.

మియాపూర్ నివాసి:
అయ్యా, ఎలా రాసినా అది అయిపోయిన పనేనని మా వాళ్లకు తెలుస్తుంది. నాకు చిక్కు వచ్చింది క్రియ అక్షరాల్లో కాదు, పని అయిందో లేదో తెలియకపోవడంలో. మీ ప్రశ్నను విడిగా పెట్టండి, అక్కడ నేను కూడా చదువుతాను.

ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి, నాంపల్లి:
మా దస్త్రాల్లో ఈ సమస్య రాదు. ‘శుభ్రం చేయించడం జరిగింది’, ‘మార్చడం జరిగింది’, ‘బిగించడం జరుగుతుంది’ అని రాస్తాం. అన్ని వాక్యాలూ ఒకే మూసలో ఉంటాయి, మర్యాదగానూ ఉంటుంది. మొన్న ఒక నివేదికలో నేను ఇలాగే పదకొండు పనులు రాస్తే, ఏ పని ఏ స్థితిలో ఉందో విడిగా పట్టికలో పెట్టి పంపమని పై అధికారి తిప్పి పంపారు. అది వారి అలవాటు అనుకుంటున్నాను.

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
ఆ నివేదికలో ఎన్ని పనులు ‘జరుగుతుంది’తో ముగిశాయో ఒకసారి చూడండి. ‘జరిగింది’తో కాలానికి సంబంధించి చిక్కు లేదు, ఆ పని ఎవరు చేశారన్నది మాత్రం కనబడకుండా పోతుంది. అసలు చిక్కు ‘జరుగుతుంది’తోనే. ‘మోటారు బిగించడం జరుగుతుంది’ అంటే ముందు ముందు బిగిస్తారనే అర్థం రావాలి. అయితే ఇప్పుడు నడుస్తున్న పనికి ‘జరుగుతోంది’ అని రాయవలసిన చోట కూడా చాలామంది ‘జరుగుతుంది’ అనే రాస్తున్నారు. ‘తో’కూ ‘తు’కూ మధ్య ఉన్న తేడా ఒక్క గుణింతమే అయినా, దాని వల్ల మెకానిక్ ఇప్పుడు మేడ మీద ఉన్నాడా, మోటారు ఇంకా దుకాణంలోనే ఉందా అన్నది మారిపోతుంది. తెలంగాణలో పత్రికలు వాడే ‘జరుగుతున్నది’ అన్న రూపం ఈ విషయంలో నాకు మరింత నచ్చుతుంది, దాన్ని ఎవరూ భవిష్యత్తుగా పొరబడరు.

మీ సమాచారంలో ఇంకో చోట కూడా ఇదే జరిగింది. ‘క్లోరిన్ చూస్తాం’ అన్నదాన్ని కొందరు అలవాటుగా చదివారు. అది వారి తప్పు కాదు. చిన్నయసూరి వ్యాకరణంలో భవిష్యత్తు వేరు, తద్ధర్మం వేరు. ఎప్పుడూ జరిగే పనిని, స్వభావాన్ని చెప్పడానికి తద్ధర్మార్థక క్రియ ఉండేది. నేటి వాడుకలో ‘చూస్తాం’ అన్న ఒకే రూపం ఆ రెండు పనులూ చేస్తోంది. ‘రేపు చూస్తాం’ అంటే భవిష్యత్తు, ‘రోజూ చూస్తాం’ అంటే అలవాటు. ‘వారానికి ఒకసారి’ అన్న మాట పక్కన పడగానే పాఠకుడి మనసు అలవాటు వైపే మొగ్గుతుంది. ‘ట్యాంకు పరీక్ష అయిన వారం నుంచి’ అని మొదలయ్యే సమయం చెబితే తప్ప అది ప్రణాళిక అని తెలియదు.

తెలుగు ఎం.ఏ. విద్యార్థి:
అమ్మా, క్త్వార్థకం విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. అలాంటప్పుడు ‘రెండో పూత వేసిన తర్వాత నీళ్లు నింపుతాం’ అన్న వాక్యంలో ‘వేసిన’ భూతకాలపు రూపమే కదా. దీన్ని చూసి పూత వేసేశారని అనుకునే ప్రమాదం లేదా?

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
పూర్తి వాక్యం చదివేవారికి ప్రమాదం లేదు, ‘తర్వాత’ అన్న మాట దాన్ని ‘నింపుతాం’కు కట్టేస్తుంది. ఫోనులో పైపైన చూసేవారికి మాత్రం ఉంది. అందుకే ముందు వాక్యంలోనే ‘రెండో పూత ఇంకా వేయలేదు’ అని స్థితిని తేల్చి, ఆ తర్వాత ఈ వాక్యం రాయమంటాను.

మియాపూర్ నివాసి:
మీరందరూ చెప్పినదాన్ని బట్టి ఇలా తిరగరాశాను.

“జూన్ 14 నాటి స్థితి. సంపును జూన్ 10న శుభ్రం చేయించాం. అదే రోజు మూడు బ్లాకుల పాత వాల్వులు మార్చాం. పైట్యాంకు లోపల వాటర్‌ప్రూఫింగ్ పని జరుగుతున్నది: మొదటి పూత పూర్తయింది, రెండో పూత ఇంకా వేయలేదు. అది వేసి ఆరిన తర్వాత, జూన్ 21 ఆదివారం నాడు ట్యాంకులో నీళ్లు నింపి, ఒక రోజు ఉంచి, లీకేజీ ఉందేమో పరీక్షించనున్నాం. కొత్త మోటారు ఇంకా రాలేదు, వచ్చాక బిగించే తేదీ తెలియజేస్తాం. నీటిలో క్లోరిన్ పరీక్ష ఇంతవరకు మొదలు కాలేదు. ట్యాంకు పరీక్ష ముగిసిన వారం నుంచి వారానికి ఒకసారి చేయనున్నాం.”

‘వచ్చే ఆదివారం’ తీసేసి తేదీ వేశాను. మా గ్రూపులో నాలుగు రోజుల తర్వాత చదివేవారు ఉన్నారు, అప్పటికి ఆ మాట ఏ ఆదివారాన్ని చెబుతుందో తెలియదు.

సాఫ్ట్‌వేర్ టెస్టర్, గచ్చిబౌలి:
చాలా స్పష్టంగా ఉంది. అయితే ‘పరీక్షించనున్నాం’, ‘చేయనున్నాం’ అన్నవి పత్రికలో శీర్షిక కింద చదివినట్టు ఉన్నాయి, మన పక్కింటివారు మాట్లాడినట్టు లేవు. మా బృందంలో వారం వారం తెలుగులో ఒక చిన్న నివేదిక రాసుకుంటాం. అందులో ‘శుక్రవారం విడుదల చేస్తున్నాం’ అని రాస్తాం, ఎవరూ పొరబడలేదు. పక్కన రోజు ఉంటే చాలు కదా.

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
ఖాయమైన ప్రణాళికకు ‘చేస్తున్నాం’ అనడం తెలుగులో సహజమే. మీ నివేదికలో ‘లాగిన్ పేజీని పరీక్షిస్తున్నాం, శుక్రవారం విడుదల చేస్తున్నాం’ అని రెండు వాక్యాలు పక్కపక్కన పడితే, ఒకే రూపం ఒకచోట ఇప్పటి పనిని, మరోచోట రేపటి పనిని చెబుతుంది. మీ బృందం చిన్నది, అందరికీ పని తెలుసు కనుక చిక్కు రాలేదు. నూరు ఇళ్లవారు చదివేచోట నేను ‘-నున్నాం’ వైపే ఉంటాను, ఆ రూపానికి భవిష్యత్తు తప్ప వేరే అర్థం లేదు.

సాఫ్ట్‌వేర్ టెస్టర్, గచ్చిబౌలి:
‘పరీక్షించబోతున్నాం’ అంటే ఆ లాభం దక్కుతుంది, మాట్లాడినట్టూ ఉంటుంది. నాకు అదే మేలనిపిస్తుంది.

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
అందులో దగ్గర్లోనే జరుగుతుందన్న ధ్వని ఉంది. ఆదివారం పరీక్షకు అది సరిపోతుంది, ఎప్పుడు మొదలవుతుందో తేదీ లేని క్లోరిన్ పరీక్షకు సరిపోదు. ఈ విషయంలో మీ చెవి వేరు, నా చెవి వేరు.

ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి, నాంపల్లి:
నా నివేదిక మళ్లీ చూశాను. పదకొండింటిలో ఆరు ‘జరుగుతుంది’తో ముగిశాయి. వాటిలో రెండు ఇప్పటికే నడుస్తున్న పనులు. వాటికి ‘జరుగుతున్నది’ అని దిద్దాను. మిగతా నాలుగింటికి ‘పూర్తి చేయగలము’ అని రాస్తే సరిపోతుందా?

విశ్రాంత ఉపసంపాదకురాలు, బాగ్‌లింగంపల్లి:
పాత గ్రాంథికంలో అది భవిష్యత్తే. ఇప్పుడు చదివేవారు మాత్రం ‘చేసే శక్తి మాకుంది’ అని అర్థం చేసుకుంటారు, చేస్తామన్న మాట ఇచ్చినట్టు ఉండదు. ‘పూర్తి చేయనున్నాము’ అని రాసి, పక్కన గడువు తేదీ వేయండి.

మియాపూర్ నివాసి:
ఒక్క సందేహం మిగిలింది. మోటారు గురించి మొదట ‘కంపెనీ ఈ నెలలో మోటారు పంపలేదు’ అని రాసి కొట్టేశాను. పంపలేదు అంటే ఇప్పటిదాకా పంపని సంగతి అని నా ఉద్దేశం. మా ఆవిడ చదివి, ఈ నెలలో పంపడం వాళ్ల వల్ల కాదని అర్థం చేసుకుంది.

తెలుగు ఎం.ఏ. విద్యార్థి:
రెండూ సరైనవే. ‘పంపలేను, పంపలేవు, పంపలేదు’ అన్న వరుసలో అది అశక్తత, ‘నేను పంపలేదు, వాళ్లు పంపలేదు’ అన్నప్పుడు జరగని పని. ‘కంపెనీ’ లాంటి ఏకవచనం కర్తగా ఉన్నప్పుడు రెండు రూపాలూ ఒకేలా ఉంటాయి. ‘ఇంకా పంపలేదు’ అంటే అశక్తత అనే అర్థం పోతుంది. పంపే శక్తి లేదనాలంటే ‘పంపలేమని కంపెనీ తెలిపింది’ అని రాయండి.

మియాపూర్ నివాసి:
‘ఇంకా రాలేదు’ అనే ఉంచుతున్నాను. ఈ పాఠాన్నే ఇవాళ సాయంత్రం గ్రూపులో పెడతాను. ‘-నున్నాం’ అలాగే ఉంటుంది.