ఒకటో పని వేరేవాళ్ల దగ్గర ఆగిపోతే ఏం చేస్తున్నారు?

చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్ ఆఫీసు పని నాది. మూడు వారాలుగా ఐవీ లీ పద్ధతి పాటిస్తున్నాను: రాత్రే ఆరు పనులు ముఖ్యమైనదాని నుంచి వరుసగా రాసుకోవడం, ఒకటోది పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవడం.

మంగళవారం ఒకటోది స్లాబుల ఇన్వాయిస్. 9:30కి కూర్చుంటే యార్డు నుంచి కొలతల షీటు 11:45కి వచ్చింది. అంతసేపూ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, టెన్షన్ తప్ప పని జరగలేదు.

బుధవారం దాన్ని రెండుగా విడగొట్టాను. కొలతలు అడగడం ఒకటోది, ఇన్వాయిస్ ఆరోది. దాని వంతు సాయంత్రం 5:30కి గానీ రాలేదు, లారీ మర్నాటికి ఆగింది. గురువారం షీటు రాగానే మధ్యలోనే ఇన్వాయిస్ అందుకున్నాను. చేస్తున్న జీఎస్టీ లెక్క సగంలో పోయి మళ్లీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది.

వరుస తప్పకుండా చేసేవాళ్లు చెప్పండి, ఇలా వేరేవాళ్ల మీద ఆధారపడిన పనిని ఆరింటిలో ఎన్నో నంబరులో పెడుతున్నారు?